‘అన్నా, నా వల్ల ఒక పొరపాటు జరిగింది’

జూనియర్ల నోట ఈ మాట సమయానికి రావాలంటే టీమ్ లీడ్ ఏం చేయాలి?

బాగా పనిచేసే జట్టులో తప్పులు తక్కువ జరుగుతాయని ఎవరైనా అనుకుంటారు. 1990ల మొదట్లో హార్వర్డ్‌లో పరిశోధక విద్యార్థినిగా ఉన్న ఎమీ ఎడ్మండ్‌సన్ కూడా అలాగే అనుకున్నారు. ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద అప్పట్లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం నడుస్తోంది. అందులో నర్సుల జట్లు ఎలా కలిసి పనిచేస్తున్నాయో చూడటం ఆమె వంతు. రెండు ఆసుపత్రుల్లోని ఎనిమిది విభాగాల సిబ్బందికి ప్రశ్నపత్రాలిచ్చి, మీ మధ్య సఖ్యత ఎలా ఉంది, మీ హెడ్‌నర్సు ఎలా నడిపిస్తారు అని అడిగారు. ఆ జవాబులను ఆయా విభాగాల్లో నమోదైన పొరపాట్ల లెక్కతో పోల్చి చూశారు.

ఫలితం తలకిందులుగా వచ్చింది. సఖ్యత బాగుంది, నాయకత్వం బాగుంది అని సిబ్బంది చెప్పిన విభాగాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. మంచి జట్లు ఎక్కువ తప్పులు చేస్తాయా? ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. ఈ లెక్కలేవీ చెప్పకుండా ఒక సహాయకుణ్ని ఆ విభాగాలకు పంపి, అక్కడి వాతావరణం చూసి రమ్మన్నారు. అతను తెచ్చిన వివరాలతో చిక్కుముడి వీడింది. కొన్ని చోట్ల మోతాదు తేడా వస్తే నర్సులు వెంటనే హెడ్‌నర్సుకు చెప్పేస్తున్నారు, దాని గురించి అందరూ మాట్లాడుకుంటున్నారు. మరికొన్ని చోట్ల తప్పు ఒప్పుకుంటే బోనులో నిలబెడతారన్న భయం. అక్కడ తప్పులు జరగడం లేదని కాదు, అవి కాగితం మీదకు రావడం లేదు.

పై అధికారి తనను తక్కువ చేయడు, శిక్షించడు అన్న నమ్మకంతో మనిషి నోరు విప్పగలిగే ఈ వాతావరణాన్నే ‘సైకలాజికల్ సేఫ్టీ’ అంటున్నారు. 1999లో ఎడ్మండ్‌సన్ ఒక తయారీ కంపెనీలోని 51 జట్లను పరిశీలించి, ఈ నమ్మకం ఉన్న జట్లలో నేర్చుకునే తీరు మెరుగ్గా ఉందని చూపించారు. గూగుల్ కూడా 2012 నుంచి తన జట్లను ఏళ్ల తరబడి పరిశీలించి, మంచి జట్టును మామూలు జట్టు నుంచి వేరు చేసే గుణాల్లో దీన్ని మొదట పెట్టింది. అప్పటి నుంచి ఐటీ కంపెనీల ట్రెయినింగుల్లో ఈ మాట తరచుగా వినిపిస్తోంది. ‘మా దగ్గర ఎవరైనా ఏదైనా చెప్పొచ్చు’ అని స్లైడు వేసి చెప్పడమూ మామూలైపోయింది. ఆ స్లైడు చూసి మాత్రం ఏ జూనియరూ నోరు తెరవడు. ఎందుకో ఒక ఉదాహరణలో చూద్దాం.

ఎవరూ చూడని తప్పు

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ అనుకుందాం. ఒక ఆసుపత్రి గొలుసుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటారు. చేరి నాలుగు నెలలైన అమ్మాయి, ఉదయం పదకొండింటికి టెస్ట్ డేటాబేస్ అనుకుని లైవ్ డేటాబేస్ మీద ఒక సవరణ నడిపింది. రెండు వందల బిల్లుల్లో పన్ను శాతం మారిపోయింది. సైట్ ఆగిపోలేదు, అలారం మోగలేదు, పక్క సీటు వాళ్లకు కూడా తెలియదు. ఆమె ఒక్కదానికే తెలుసు.

ఈ తప్పు ఖరీదు గంట గంటకూ మారుతుంది. అప్పుడే చెబితే, నిన్న రాత్రి తీసిన కాపీ నుంచి ఆ రెండు వందల వరుసలు తిరిగి పెట్టడం ఇరవై నిమిషాల పని. మధ్యాహ్నానికి ఆ బిల్లుల్లో కొన్నిటికి డబ్బు కట్టేసి రోగులు ఇళ్లకు వెళ్లిపోతారు. సాయంత్రం ఆసుపత్రి అకౌంట్స్ విభాగానికి రోజువారీ రిపోర్టు వెళ్తుంది. నెలాఖరు దాటితే ఆ అంకెలు పన్ను రిటర్నులోకి ఎక్కుతాయి. చేసిన తప్పు అదే, ఎన్ని గంటలు దాగి ఉంటే బాగుచేయడానికి అంత ఎక్కువ మంది కావాలి.

ఆ అమ్మాయి మనసులో మాత్రం వేరే లెక్క నడుస్తుంటుంది. చెబితే తనకు ఏమవుతుంది? దానికి జవాబు హెచ్‌ఆర్ పాలసీలో వెతకదు. కిందటి నెల ఇలాంటిదే చేసిన కుర్రాడికి ఏమైందో తలుచుకుంటుంది. పొద్దున్నే జరిగే స్టాండప్ మీటింగులో లీడ్ అందరి ముందూ ‘టెస్టుకీ లైవుకీ తేడా తెలియకుండా ఇంటర్వ్యూ ఎలా పాసయ్యావయ్యా’ అన్నాడు. నలుగురూ నవ్వారు. లీడ్ ఆ మాట ఆ మధ్యాహ్నానికే మరిచిపోయి ఉంటాడు. విన్నవాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ నవ్వే ఈరోజు ఆమె నోరు మూయిస్తోంది.

అందుకే ఆమె లంచ్ టైమ్‌లో ఎవరూ లేనప్పుడు తనే సరిచేద్దామని రెండో సవరణ నడుపుతుంది. చెమటలు పడుతుండగా రాసిన కమాండ్ అది. మొదటిసారి రెండు వందల బిల్లులు పాడైతే, రెండోసారి మంచి బిల్లులు కూడా పాడవుతాయి. పైగా ఏవి ముందు పాడయ్యాయో, ఏవి తర్వాత పాడయ్యాయో విడదీయడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు. ఏళ్ల తరబడి సిస్టమ్స్ నడిపినవాళ్లను అడగండి. మొదటి తప్పు కంటే, దాన్ని గుట్టుగా సరిచేయబోయి చేసిన రెండో తప్పే ఎక్కువ నిద్ర చెడగొట్టిందని చెబుతారు.

అదే అమ్మాయి పదకొండుంబావుకు లీడ్ దగ్గరికి వచ్చి ‘అన్నా, ఒక్క నిమిషం. నా వల్ల ఒక పొరపాటు జరిగింది’ అంటే? లీడ్ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం మీదే అంతా ఉంది. ‘ఏం చేశావ్?’ అని గొంతు పెంచితే ఆమె సంజాయిషీలో పడుతుంది, అసలు వివరాలు చెదిరిపోతాయి. ‘వెంటనే చెప్పి మంచి పని చేశావమ్మా. ఇప్పుడు ఏదైనా ఇంకా నడుస్తోందా? చివరగా కొట్టిన కమాండ్ చూపించు’ అంటే రెండు పనులవుతాయి. డేటా నిలుస్తుంది. చుట్టూ కూర్చున్న ఐదారుగురికి, రేపు తమ వంతు వస్తే ఏమవుతుందో తెలుస్తుంది. ఎందుకు చేశావన్న ప్రశ్న రేపటికి వాయిదా వేయవచ్చు. మంట ఆరేదాకా దానితో పని లేదు.

ఒక్క అంకె తేడా

జరిగిన తప్పు మీద మర్నాడు ఎలా మాట్లాడుకోవాలో చూపడానికి 2017లో గిట్‌ల్యాబ్ కంపెనీలో జరిగిన సంఘటనను మించిన ఉదాహరణ అరుదు. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సైట్ అది. జరిగినదంతా కంపెనీయే బయట పెట్టింది కాబట్టి ప్రతి అడుగూ మనకు తెలుసు.

జనవరి 31 రాత్రి స్పామ్ దాడితో వారి డేటాబేస్ మీద భారం పెరిగింది. అసలు డేటాబేస్ ఉన్న సర్వర్ db1. దానికి ఎప్పటికప్పుడు నకలుగా ఉండాల్సినది db2. భారం వల్ల db2 వెనకబడిపోయి, నకలు తీయడం ఆగిపోయింది. దాన్ని మొదటి నుంచి మళ్లీ నింపాలి. పొద్దుపోయింది, ఇక పని ఆపుదామనుకుంటున్న ఒక ఇంజినీర్ ఈ సమస్య రావడంతో ఉండిపోయాడు. నింపే కమాండ్ నడిపితే అది ఏమీ చెప్పకుండా మౌనంగా నిలబడిపోతోంది. ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించారు. db2లో మిగిలిపోయిన పాత ఫైళ్లు అడ్డుపడుతున్నాయేమో అనుకుని ఆ ఇంజినీర్ ఆ ఫోల్డరును తుడిచేయబోయాడు. తుడిచే కమాండ్ కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలో తెరమీద పేరు చూసుకున్నాడు. తానున్నది db2లో కాదు, db1లో. వెంటనే ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీ డేటా పోయింది.

బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని చూశారు. రోజూ తీయాల్సిన కాపీ అసలు తీయడమే లేదు. ఆ పని చేసే ప్రోగ్రామ్ వెర్షనూ డేటాబేస్ వెర్షనూ కలవక అది ప్రతిరోజూ విఫలమవుతోంది. విఫలమైనట్టు రావాల్సిన ఈమెయిళ్లు మరో సాంకేతిక కారణంతో తిరస్కరణకు గురయ్యాయి, ఎవరికీ చేరలేదు. డిస్కు మొత్తాన్ని కాపీ తీసే సదుపాయాన్ని డేటాబేస్ సర్వర్లకు పెట్టనే లేదు. చివరకు ఆదుకున్నది, అదే ఇంజినీర్ వేరే పని కోసం సుమారు ఆరు గంటల ముందు తీసి పెట్టిన ఒక కాపీ. దాన్ని తిరిగి ఎక్కించడానికి దాదాపు ఒక పగలంతా పట్టింది. ఆ ఆరు గంటల్లో చేరిన దాదాపు 5,000 ప్రాజెక్టుల వివరాలు, అంతే సంఖ్యలో వ్యాఖ్యలు, 700 మంది కొత్త యూజర్ల ఖాతాలు పోయాయి. జనం దాచుకున్న కోడ్ మాత్రం వేరేచోట ఉండటంతో దానికేమీ కాలేదు.

కంపెనీ ఆ పని జరుగుతుండగానే తమ నోట్సును అందరికీ తెరిచి పెట్టింది, యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. కొద్దిరోజులకు, ఫిబ్రవరి 10న, పూర్తి నివేదిక ప్రచురించింది. ఇలాంటి నివేదికలను సాఫ్ట్‌వేర్ వాళ్లు పోస్ట్‌మార్టమ్ అంటారు. అందులో ఆ ఇంజినీర్ పేరు లేదు. ‘టీమ్ మెంబర్ 1’ అని మాత్రమే ఉంటుంది. ఏ గంటకు ఏం జరిగింది, అప్పుడు అతనికి తెరమీద ఏం కనిపించింది, దాన్నిబట్టి ఏం అనుకున్నాడు అన్న క్రమంలో కథ సాగుతుంది. ‘అజాగ్రత్తగా ఉన్నాడు’ అన్న మాట దగ్గర ఆగిపోయి ఉంటే ఆ నివేదిక ఒక పేజీలో ముగిసేది, బ్యాకప్ ఈమెయిళ్ల సంగతి అందులో ఉండేది కాదు. అతను అలా ఎందుకనుకున్నాడు అని అడగడం వల్ల చేయాల్సిన పనుల జాబితా వచ్చింది. ఏ సర్వర్లో ఉన్నామో తెరమీద స్పష్టంగా కనబడేలా మార్చాలి. బ్యాకప్ తీశారా లేదా అన్నది ఒక యంత్రం రోజూ చూడాలి. డేటా భద్రతకు ఒక మనిషిని బాధ్యుణ్ని చేయాలి.

ఆ నివేదికలో చాలామంది కళ్లు దాటిపోయే ఒక వివరం ఉంది. నింపే కమాండ్ మౌనంగా నిలబడటం తప్పేమీ కాదు, దాని స్వభావమే అంత. అవతలి సర్వర్ డేటా పంపేవరకూ అది అలాగే ఎదురుచూస్తుంది. ఈ సంగతి తెలిసిన ఇంజినీర్ ఆ కంపెనీలోనే ఉన్నాడు, కాకపోతే ఆ రాత్రి డ్యూటీలో లేడు. వారి గైడులో కూడా అది రాసి లేదు. అంటే ఆ ఫోల్డర్ తుడవాల్సిన అవసరమే రాలేదు. ‘ఇది ఇలా ఆగిపోవడం మామూలేనా?’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికి ఉంటే సరిపోయేది.

మన ఆఫీసులో ఇలాంటి సమీక్షకు కూర్చున్నప్పుడు ఎవరిదీ తప్పు అన్న దగ్గర మొదలుపెడితే గుమ్మడికాయల దొంగ సామెతే. అందరూ భుజాలు తడుముకుంటారు, ఎవరూ వివరాలు చెప్పరు. ముందు కాలక్రమం రాయాలి. పేర్ల బదులు ఇంజినీర్, రివ్యూ చేసినవారు, ఆన్‌కాల్‌లో ఉన్నవారు అని పాత్రలు రాయాలి. తప్పు చేసిన వ్యక్తే తన కథను తన నోటితో చెప్పాలి, మధ్యలో ఎవరూ అడ్డు తగలకూడదు. ‘నువ్వు చూసుకోవాల్సింది’ అన్న వాక్యం వినబడగానే లీడ్ ఆపి, ‘చూసుకోవడానికి అక్కడ ఏముంది?’ అని అడగాలి. మన బిల్లింగ్ ఉదాహరణలో టెస్ట్ తెర, లైవ్ తెర ఒకే రంగులో ఉన్నాయని, నాలుగు నెలల ట్రెయినీకి లైవ్‌లో రాసే అనుమతి ఇచ్చారని అప్పుడు బయటపడుతుంది. ఆ రెండూ ఆమె చేసిన పనులు కావు.

మూడుసార్లు చెప్పినా

చొరవ తీసుకుని చెప్పమని జూనియర్లకు బోధిస్తే చాలదని మనకు మంగళూరు చెబుతుంది. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం అక్కడి కొండ మీది రన్‌వే దాటిపోయి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. ప్రయాణంలో చాలాసేపు కెప్టెన్ నిద్రపోయాడు. దిగేటప్పుడు విమానం ఉండాల్సిన ఎత్తు కంటే బాగా పైన ఉంది. కో-పైలట్ దాన్ని గుర్తించాడు. దిగొద్దు, మళ్లీ పైకి లేపుదాం అన్న అర్థంలో పైలట్లు వాడే ‘గో అరౌండ్’ మాట మూడుసార్లు అన్నాడు. కెప్టెన్ వినలేదు.

విచారణ సంఘం ప్రధాన తప్పును కెప్టెన్ మీదే పెట్టింది. దానితోపాటు మరో సంగతి కూడా రాసింది. అలాంటి పరిస్థితిలో కో-పైలట్ తనే విమానాన్ని పైకి లేపవచ్చా అన్న విషయంలో ఆదేశాలు అస్పష్టంగా ఉన్నాయి. దాంతో అతను చెప్పడం చెప్పాడు గానీ కంట్రోల్స్ చేతిలోకి తీసుకోలేదు.

ధైర్యం ఉన్నా అధికారం స్పష్టంగా లేకపోతే జూనియర్ మాట గాలికి పోతుంది. అందుకే మంచి టీమ్‌లు ఏయే సందర్భాల్లో అందరికంటే చిన్న ఉద్యోగి కూడా పని ఆపేయవచ్చో ముందే రాసి పెట్టుకుంటాయి. మన బిల్లింగ్ టీమ్‌కైతే ఒక్క వాక్యం చాలు: ‘లైవ్‌లోకి పంపేటప్పుడు ఎవరికి సందేహం వచ్చినా ఆపు అంటే ఆగాలి, కారణం తర్వాత మాట్లాడుకుందాం.’ రాయడంతో అయిపోదు. ఎవరో ఒక జూనియర్ ‘ఆపండి’ అంటారు, తీరా చూస్తే సమస్య ఏమీ ఉండదు, గంట వృథా అవుతుంది. అప్పుడు లీడ్ ముఖం చిట్లిస్తే ఆ వాక్యం ఆరోజుతో చచ్చిపోయినట్టే. ఉత్తుత్తి అలారం ఇచ్చినవారికి కూడా థాంక్స్ చెప్పగలిగితేనే అది బతుకుతుంది.

‘అర్థమైందా?’ అని అడగొద్దు

తప్పు ఒప్పుకోవడం కంటే ప్రశ్న అడగడం తేలికని అనుకుంటాం. మన దగ్గర అది కూడా కష్టమే. తరగతి గదిలో ‘డౌట్స్ ఉన్నాయా?’ అంటే తల దించుకోవడం చిన్నప్పుడే అలవాటవుతుంది. లేచి అడిగినవాడికి ‘ఇంతసేపూ ఏం విన్నావ్’ అన్న జవాబు రావడం అందరూ చూసిందే. అదే పిల్లవాడు ఇరవై రెండేళ్లకు గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరతాడు. లీడ్ అరగంట వివరించి ‘అర్థమైందా?’ అంటాడు. ‘అయింది సర్’ అంటాడు. సీటుకు వెళ్లి పక్కవాడికి చాట్‌లో మెసేజ్ పెడతాడు: ‘బ్రో, నీకేమైనా అర్థమైందా?’

‘అర్థమైందా’ అన్న ప్రశ్నకు మర్యాదైన జవాబు ఒక్కటే ఉంది. కాబట్టి ప్రశ్న మార్చాలి. ‘సరే, దీన్ని ఎక్కడ మొదలుపెడతావ్?’ అని అడిగితే, అర్థమైనదెంతో కానిదెంతో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ‘ఇందులో నీకు అన్నిటికంటే తికమకగా ఉన్నది ఏది?’ అని అడిగినా మంచిదే. తికమక ఉండటం సహజమని ఆ ప్రశ్నే ఒప్పుకుంటోంది కాబట్టి జవాబు చెప్పడానికి బెరుకు ఉండదు.

మరో ఉపాయం కాలానికి సంబంధించినది. ఎప్పుడు అడగాలో తెలియక జూనియర్లు సతమతమవుతారు. ఐదు నిమిషాలకే అడిగితే బద్ధకం అంటారు, రెండు రోజుల తర్వాత అడిగితే ఇన్నాళ్లూ ఏం చేశావంటారు. చాలా టీమ్‌లలో దీనికి ఒక గడువు పెట్టుకుంటారు. అరగంట సొంతంగా ప్రయత్నించు, దాటితే అడగడం నీ డ్యూటీ. అప్పుడు ప్రశ్న అడగడం బలహీనత కాకుండా పనిలో ఒక అడుగు అవుతుంది. అడిగేటప్పుడు ఏం చేయాలనుకున్నాను, ఏం ప్రయత్నించాను, తెరమీద ఏం వచ్చింది అని మూడు ముక్కల్లో చెప్పమంటే, సీనియర్ సమయమూ కలిసొస్తుంది.

సీనియర్లు నలుగురిలో ప్రశ్నలు అడగడం కూడా ఇందులో భాగమే. పదేళ్ల అనుభవం ఉన్న మనిషి మీటింగ్‌లో ‘నాకు ఈ భాగం తెలియదు, ఎవరైనా చెప్పండి’ అంటే, చేరి నెలైన కుర్రాడికి అది సర్క్యులర్ కంటే బాగా చేరుతుంది. నటిస్తే మాత్రం పట్టేస్తారు. నిజంగా తెలియనిదే అడగాలి, అలాంటివి ప్రతి సీనియర్‌కూ వారానికి నాలుగైనా దొరుకుతాయి.

ఎక్కడ బెడిసికొడుతుంది?

ఇదంతా చేసిన టీమ్‌లో కూడా ఏడాది చివర్లో ఒక గండం ఉంటుంది, అప్రైజల్. ఎన్ని తప్పులు నమోదయ్యాయన్న అంకెను రేటింగుకు ముడిపెట్టిన మరుక్షణం ఆ అంకె తగ్గడం మొదలవుతుంది. పైవాళ్లు నాణ్యత పెరిగిందని సంతోషిస్తారు. నిజానికి ఎడ్మండ్‌సన్ చూసిన భయపడే వార్డులే అక్కడ మళ్లీ తయారవుతాయి. సమీక్షలో స్వయంగా చెప్పిన విషయాన్ని అప్రైజల్ ఫారంలో రాయకూడదన్న నియమం మేనేజర్ తనకు తానే పెట్టుకోవాలి, ఆ మాట టీమ్‌కు చెప్పి నిలబెట్టుకోవాలి. ఒక్కసారి తప్పితే మళ్లీ ఎవరూ నమ్మరు.

సర్వీసు కంపెనీల్లో ఇంకో ఒత్తిడి ఉంది. ఏదైనా ఆగిపోతే క్లయింట్ ఆర్‌సీఏ అడుగుతాడు, అంటే మూలకారణం రాసి పంపమంటాడు. అప్పుడప్పుడూ కాల్‌లోనే ‘ఎవరు చేశారు?’ అని కూడా అడుగుతాడు. ‘మా ఆఫ్‌షోర్‌లో ఒక జూనియర్ చేశాడు, హెచ్చరించాం’ అని చెబితే ఆ కాల్ తొందరగా ముగుస్తుంది. ఆ మాట సాయంత్రానికి టీమ్ మొత్తానికి తెలుస్తుంది. ‘మా ప్రక్రియలో ఫలానా చోట రెండో మనిషి పరిశీలన లేదు, శుక్రవారానికి పెడుతున్నాం’ అని చెప్పడానికి లీడ్‌కు కాస్త గుండె కావాలి. క్లయింట్‌కు నిజంగా కావాల్సింది కూడా అదే, పేరు తెలిసినంత మాత్రాన వచ్చే నెల సిస్టమ్ ఆగకుండా ఉండదు.

ఇలా అయితే ఎవడికీ భయం ఉండదు, పని పాడవుతుంది అనే మేనేజర్లు చాలామంది ఉన్నారు. ఆ సందేహాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. తప్పులన్నీ ఒక గాటన కట్టకూడదు. చెయ్యి జారడం ఒకటి. అందరూ పాటిస్తున్న దగ్గరిదారి పట్టి ప్రమాదంలో పడటం ఇంకొకటి. ప్రమాదమని తెలిసీ లెక్క చేయకపోవడం మూడోది. మొదటిదానికి ఓదార్పు, ఏర్పాట్లలో మార్పు సరిపోతాయి. రెండోదానికి ఆ దగ్గరిదారి ఎందుకు అవసరమైందో కనుక్కుని, దాన్ని మూసి, మనిషికి నచ్చజెప్పాలి. మూడోదానికి చర్య తీసుకోవాల్సిందే. విమానయానంలో, ఆసుపత్రుల్లో ఇలాంటి విభజనే వాడుకలో ఉంది. తప్పును దాచడం, లాగ్‌లు చెరిపేయడం కూడా మూడో వరుసలోకే వస్తాయి. ఈ గీత ఎక్కడుందో మొదటి రోజే చెప్పాలి. తప్పు చేసి వెంటనే చెప్పినవారికి రక్షణ ఉంటుంది, దాచినవారికి ఉండదు. ఇక పని ప్రమాణాల సంగతి. నాలుగోసారి కూడా అదే పని రానివారితో విడిగా, సూటిగా మాట్లాడక తప్పదు. అది నలుగురి ముందు వద్దు, అంతే.

మీ టీమ్‌లో ఈ నమ్మకం ఉందో లేదో తెలుసుకోవడానికి పెద్ద సర్వేలు అక్కర్లేదు. గత మూడు నెలల్లో జరిగిన పొరపాట్లు రాసుకోండి. ఒక్కొక్కదాని ఎదురుగా రెండు వివరాలు వేయండి: అది మొదట ఎవరి ద్వారా తెలిసింది, జరిగాక ఎంతసేపటికి తెలిసింది. చేసినవారే చెప్పినవి ఎక్కువగా ఉండి, వ్యవధి నిమిషాల్లో గంటల్లో ఉంటే మీ టీమ్ బాగున్నట్టు. అన్నీ క్లయింట్ ఫోన్ చేస్తేనో, అలారం మోగితేనో తెలిసినవైతే జాగ్రత్త పడాలి. అసలు జాబితాలో ఏమీ లేకపోతే మరీ జాగ్రత్త పడాలి. మనుషులు పనిచేసే చోట మూడు నెలలు ఒక్క పొరపాటూ లేకుండా గడవదు.

టీమ్ నడిపే మీకు ఒకటే విన్నపం. ఈ వారంలోనో వచ్చే వారంలోనో ఒక జూనియర్ మీ సీటు దగ్గరికి వచ్చి, చెప్పాలా వద్దా అని నసుగుతూ నిలబడతారు. అప్పుడు ల్యాప్‌టాప్ మూసి, కుర్చీ చూపించి, పూర్తిగా వినండి. మీ మొదటి మాట థాంక్స్ అయి ఉండాలి.